‘సిటీ’లో ‘ట’ ఎవరిది?

పోయిన నెలలో ఒక సాయంత్రం బడి వదిలాక ఆరో తరగతి ఇంగ్లీషు వర్క్‌బుక్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. తెచ్చింది పిల్ల కాదు, పిల్ల తండ్రి. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నాలుగు మైళ్లు దాటితే కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలకు చెవి చురుగ్గానే ఉంటుంది. ఈ పాప కూడా చురుకైనదే.

పుస్తకంలో పది మాటలిచ్చి, ఒక్కొక్కదాన్నీ సిలబుల్స్‌గా విడగొట్టమన్నారు. పాప ‘సిటీ’ని రెండు చేసి సి, టీ అని రాసింది. ‘హ్యామర్’ని కూడా రెండు చేసి, ‘హ్యా’ను మొదటి ముక్కగా ఉంచి, రెండు ‘ఎమ్’ అక్షరాలనూ రెండో ముక్కలో పెట్టింది. రెండింటి పక్కనా ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు. పుస్తకం చివర ఉన్న జవాబుల ప్రకారం మొదటిది సిట్, ఈ. రెండోది హ్యామ్, మర్.

“ఎన్ని మార్లు పలికి చూసినా మాకు సి, టీ అనే వస్తా ఉంది సార్. పాపకు చెవిలో ఏమన్నా లోపమా? లేకుంటే తెలుగులో చదివినందుకా ఇట్ల?” అని అడిగాడాయన.

ఆ రెండో ప్రశ్నే నన్ను పట్టుకుంది. మైనారిటీ బడుల్లో పిల్లల్ని చేర్చిన ప్రతి తల్లికీ తండ్రికీ మనసులో ఒక మూల ఉండే భయం అది. ఇంగ్లీషులో ఒక ఇంటూ పడితే చాలు, తెలుగు మీడియమే కారణమేమో అనుకుంటారు. ఆ రోజు నేను ఆయనకు సగం సగం జవాబే చెప్పాను. పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ రెండు జవాబులకూ మార్కులు తగ్గించడం తప్పు. పాప తప్పు రాసిందా ఒప్పు రాసిందా అన్నది అసలు విషయం కాదు. ఆ మాటల్లో నడిమి హల్లు ఎవరిదో ఇంగ్లీషు భాషాశాస్త్రమే ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. పెద్దలు తేల్చని దాన్ని పదకొండేళ్ల పిల్ల ముందు పెట్టి ఎర్ర సిరా పట్టుకోవడం న్యాయం కాదు.

ముందు పాప ఎందుకలా రాసిందో చూద్దాం. తెలుగు రాత అక్షరాల రాత. రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లు వస్తే, అది తన వెనకనున్న అచ్చును వదిలి ముందున్న అచ్చుతో కలిసి ఒక అక్షరమవుతుంది. ‘గుడి’ అంటే గు, డి. ఇందులో ఎవరికీ సందేహం లేదు. అదే హల్లు ద్విత్వమైతే సంగతి మారుతుంది. ‘గుడ్డి’లో ‘డ’ను పట్టి ఉంచి వదులుతాం; ఒక సగం ‘గు’ను మూస్తుంది, ఇంకో సగం ‘ఇ’ని అందుకుంటుంది. ఛందస్సు నేర్పేటప్పుడు మనం ఇదే చెబుతాం. ‘గుడి’ రెండు లఘువులు. ‘గుడ్డి’లో ద్విత్వానికి ముందున్న ‘గు’ గురువు. ‘కల’కూ ‘కల్ల’కూ, ‘గడి’కీ ‘గడ్డి’కీ తేడా ఇదే. తెలుగు పిల్లకు దారులు రెండే. హల్లు ఒక్కటైతే అది ముందు అక్షరానిది, రెండైతే చెరి సగం. మూడో దారి మన భాషలో లేదు.

ఈ చెవితో పాప ‘సిటీ’ విన్నది. అందులో ‘ట’ ఒక్కటే. కాబట్టి సి, టీ. ‘హ్యామర్’లోని మొదటి అచ్చు ఇంగ్లీషువాళ్ల లెక్కలో పొట్టిదే గానీ మన చెవికి పొడుగ్గా వినిపిస్తుంది, అందుకే దీర్ఘం ఇచ్చి ‘హ్యా’ అని రాస్తాం. దీర్ఘం మీద అక్షరం ఆగడానికి మనకు అడ్డేమీ లేదు. పైగా నోట్లో ‘మ’ ఒక్కటే. కాబట్టి హ్యా, మర్. రాతలో కనిపించే రెండు ‘ఎమ్’లనూ ఎక్కడో ఒక చోట పెట్టాలి గనక రెండో ముక్కలో పెట్టింది. ప్రతి అడుగులోనూ తర్కం ఉంది.

మరి ఇంగ్లీషు ఏమంటుంది? ఇంగ్లీషులో పొట్టి అచ్చులకు ఒక పట్టింపు ఉంది. ‘బెడ్’, ‘క్యాట్’, ‘బుక్’, ‘సిట్’ లాంటి మాటల్లో ఉన్న అచ్చులు ఊనిక పడినచోట తమ వెనక ఒక హల్లు లేకుండా నిలబడవు. ఇది ఎవరైనా పరీక్షించి చూడవచ్చు. ‘సీ’ అనే మాట ఉంది, ‘సే’ ఉంది, ‘సో’ ఉంది, ‘సా’ ఉంది. కానీ ‘సిట్’లోంచి చివరి ‘ట్’ తీసేసి పొట్టి ‘సి’ మీద ఆగే మాటను ఇంగ్లీషులో వెతకండి, దొరకదు. ‘క్యాట్’లోంచి ‘ట్’ తీసేసినా అంతే. విసుగుతోనో వెటకారంగానో చేసే కొన్ని ధ్వనులను పక్కన పెడితే ఈ పట్టింపు భాషంతటా ఉంది. అందుకని ‘సిటీ’లో మొదటి ముక్క ‘సి’ అని ఆగడం ఇంగ్లీషు స్వభావానికి ఎదురు. ‘ట’ వచ్చి దాన్ని మూయాలి.

అంతటితో అయిపోతే ‘సిట్, ఈ’ అని పుస్తకం చెప్పిందే సరి. కానీ రెండో పట్టింపు కూడా ఉంది. రెండు అచ్చుల నడుమ ఒక్క హల్లు ఉంటే అది ముందు అచ్చుతో కలిసి కొత్త ముక్కను మొదలుపెట్టాలని చూస్తుంది. ఇది తెలుగుకే కాదు, లోకంలోని భాషలన్నిటికీ ఉన్న మొగ్గు. ఇంగ్లీషుకు కూడా ఉంది. ఈ పట్టింపు ‘ట’ను రెండో ముక్కకు లాగుతుంది, మొదటి పట్టింపు వెనక్కి లాగుతుంది. ఉన్నది ఒక్క ‘ట’. ‘హ్యామర్’లో ‘మ’ గతి కూడా ఇదే.

ఈ చిక్కుకు బాగా పేరొచ్చిన పరిష్కారం 1976 నాటిది. అమెరికాలోని ఎమ్‌ఐటీలో డేనియల్ కాన్ అనే పరిశోధకుడు ఇంగ్లీషు సిలబుల్ మీద రాసిన థీసిస్‌లో, అలాంటి హల్లు రెండు సిలబుల్స్‌కూ చెందుతుందని వాదించాడు. రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ లాంటిదన్నమాట. గోడ ఒక్కటే, రెండు గోడలు కాదు. కానీ ఈ ఇంటికీ అదే గోడ, ఆ ఇంటికీ అదే. దీన్ని ఇంగ్లీషులో యాంబిసిలబిసిటీ అంటారు. మనం ఉమ్మడి హల్లు అనుకుందాం. ఇది మన ద్విత్వం కాదని గమనించాలి. ‘అమ్మ’లో ‘మ’ను పలకడానికి పట్టే కాలం ‘మామ’లో ఉన్న రెండో ‘మ’కు పట్టే కాలం కన్నా స్పష్టంగా ఎక్కువ. ‘హ్యామర్’లో ‘మ’ అలా సాగదు. పొడవులో ఒక్కటే, పనిలో రెండు.

కాన్ దీన్ని ఊరికే ఊహించలేదు. సాక్ష్యంగా అమెరికన్ల ‘ట’ను చూపించాడు. అమెరికాలో ఉన్న చుట్టాలతో, ముఖ్యంగా అక్కడే పుట్టిన వాళ్ల పిల్లలతో ఫోనులో మాట్లాడిన వాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. వాళ్లు ‘వాటర్’ అంటే మనకు ‘వాడర్’కీ ‘వారర్’కీ మధ్య ఏదో వినిపిస్తుంది. ‘సిటీ’లోనూ అంతే, నాలుక కొన అలా తగిలి ఇలా వెళ్లిపోతుంది. కానీ అదే మనిషి ‘అటాక్’ అన్నప్పుడు ‘ట’ అలా మెత్తబడదు. గట్టిగా, కాస్త ‘ఠ’ గాలితో వస్తుంది. ఇంకా బాగా తెలియాలంటే ఒకే కుటుంబంలోని రెండు మాటలు తీసుకోండి. ‘ఆటమ్’ అంటే అణువు, ‘అటామిక్’ అంటే అణు సంబంధమైన. మొదటి దానిలో ఊనిక మొదటి ముక్క మీద ఉంది, ‘ట’ మెత్తబడింది. రెండో దానిలో ఊనిక ‘టా’ మీదికి జరిగింది, ‘ట’ గట్టిపడి గాలి విసిరింది. హల్లు అదే, అటూ ఇటూ ఉన్నవి అచ్చులే. మారింది ఊనిక ఒక్కటే. ఊనిక తన ముందున్న అచ్చు మీద ఉంటే ‘ట’ పూర్తిగా ఆ ముక్కదే. ఊనిక వెనక అచ్చు మీద ఉండి ముందు అచ్చు తేలికైతే ‘ట’ ఉమ్మడి ఆస్తి అయిపోతుంది, అప్పుడే మెత్తబడుతుంది. ఇదీ కాన్ వివరణ.

మన నోట ఈ తేడా లేదు. హోసూరులోనూ, బళ్లారిలోనూ, బరంపురంలోనూ, షోలాపూరులోనూ, యానాంలోనూ మనం పలికే ఇంగ్లీషులో ‘సిటీ’లో ‘ట’, ‘అటాక్’లో ‘ట’ దాదాపు ఒకటే. రెండూ నాలుక మడిచి పలికే మన ‘ట’లే. గాలి విసరడమూ లేదు, మెత్తబడడమూ లేదు. అంటే ఆ హల్లు ఉమ్మడిదని నమ్మడానికి అమెరికన్ పిల్లకు తన నోట్లోనే ఉన్న సాక్ష్యం మన పిల్లకు లేదు. “పలికి చూసి విడగొట్టండి” అనే సూచన మన పిల్లల ముందు పెట్టినప్పుడు అది మరొకరి నోటిని పలికి చూడమన్నట్టే. తండ్రి అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ఇది. చెవిలో లోపం లేదు. పాప తన నోట్లో ఉన్నదాన్నే విన్నది.

సరే, పాప మాట పక్కన పెట్టి పెద్దలనే అడుగుదాం. మేరియం వెబ్‌స్టర్ అమెరికా నిఘంటువు. ‘సిటీ’ ఉచ్చారణ చూపేటప్పుడు అది గీతను ‘సి’ తరవాత పెట్టి ‘టీ’ని విడిగా చూపిస్తుంది. ‘హ్యామర్’ ఉచ్చారణలో ‘మ’ ఒక్కటే. దాన్ని కూడా రెండో ముక్కలోనే పెడుతుంది. మా పాప రాసిన విడుపు ఇదే. కేంబ్రిడ్జి నిఘంటువు చుక్కను ‘ట’ తరవాత పెడుతుంది, ‘మ’ తరవాత పెడుతుంది. లండన్‌లో ధ్వనిశాస్త్రం బోధించిన జె.సి. వెల్స్ 1990లో తెచ్చిన లాంగ్‌మన్ ఉచ్చారణ నిఘంటువు కూడా, రెండు పక్కల్లో ఊనిక ఎటు బలంగా ఉంటే హల్లును అటే చేర్చాలనే సూత్రంతో ‘ట’ను మొదటి ముక్కకే ఇస్తుంది. మూడూ గౌరవం ఉన్న పుస్తకాలే. ఒకటి ముందుకు, రెండు వెనక్కు. కాన్ రెండు పక్కలకూ అన్నాడు.

అసలు ఉమ్మడి హల్లు అన్నదే అక్కర్లేదనే వాళ్లూ ఉన్నారు. 1979లో పాల్ కిపార్‌స్కీ ఈ మెత్తబడడాన్ని సిలబుల్‌తో కాకుండా దానికన్నా పెద్ద కొలతతో వివరించాడు. ఊనిక ఉన్న సిలబుల్, దాని వెనక వచ్చే తేలిక సిలబుల్ కలిసి ఒక జట్టు. మనం పద్యంలో గణం అంటామే, దాదాపు అలాంటిది. గణం మొదట్లో ఉన్న హల్లు బలంగా పలుకుతుంది, గణం నడుమ ఉన్నది మెత్తబడుతుంది. ‘ఆటమ్’లో ‘ట’ గణం నడుమ ఉంది, ‘అటామిక్’లో గణం మొదట ఉంది. ఇలా చెబితే ‘ట’ ఏ సిలబుల్‌దో తేల్చే పనే లేదు. 2000లో జాన్ జెన్‌సెన్ ఉమ్మడి హల్లుకు వ్యతిరేకంగానే ఒక వ్యాసం రాశాడు. గణాల లెక్క తెలిసిన నా బోటి తెలుగు మాస్టారుకు ఈ పక్షమే కాస్త ముచ్చటగా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పొట్టి అచ్చు మూతపడాలనే పట్టింపుకు ఇది నేరుగా జవాబు చెప్పదు. అందుకే వాదం ముగియలేదు.

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లను అడిగితే? అడిగారు కూడా. రెబెకా ట్రీమన్, కాటలీనా డేనిస్ 1988లో ప్రచురించిన పరిశోధనలో మాటలోని రెండు సిలబుల్స్‌నూ తారుమారు చేసి చెప్పమని పెద్దవాళ్లను అడిగారు. ‘లెమన్’ ఇస్తే కొందరు ‘మ’ను ఒకే పక్క పెట్టారు, కొందరు ‘మన్, లెమ్’ అని రెండు పక్కలా పలికారు. ఊనిక, అచ్చు పొట్టిదా పొడుగుదా, హల్లు ఎలాంటిది అన్నవన్నీ జవాబును అటూ ఇటూ జరిపాయి. ఇంకో సంగతి మన విషయానికి చాలా ముఖ్యం. నడిమి హల్లును రాతలో రెండక్షరాలతో రాసే మాటల్లో, అది రెండు పక్కలా ఉందనే జవాబులు పెరిగాయి. అంటే వాళ్లు చెవితో మాత్రమే విడగొట్టలేదు, స్పెల్లింగుతో కూడా విడగొట్టారు.

మా వర్క్‌బుక్ చేసిన గందరగోళం కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. హ్యామ్, మర్ అనే విడుపు ఉచ్చారణ నుంచి వచ్చింది కాదు, అచ్చు యంత్రం నుంచి వచ్చింది. వరస చివర మాట పట్టకపోతే గీత పెట్టి తరవాతి వరసకు తెచ్చేటప్పుడు జంట అక్షరాల మధ్య విరవాలన్నది ఇంగ్లీషు ముద్రాపకుల ఆచారం. ఆ ఆచారాన్ని సిలబుల్ సూత్రంగా పాఠంలో పెట్టారు. ఫలితం తరగతిలో వినిపిస్తుంది. పుస్తకాన్ని నమ్మిన టీచరు ‘హమ్‌మర్’ అని రెండు ‘మ’లు ఒత్తి పలుకుతారు, పిల్లలంతా కోరస్‌గా అంటారు. ద్విత్వం మనకు అమ్మ పెట్టిన విద్య గనక హాయిగా వచ్చేస్తుంది. ఆ మాటకొస్తే ఇలా పలికినంత మాత్రాన ఎవరికీ అర్థం కాకుండా పోదు. కానీ ఆ మాటలో రెండు ‘మ’లు ఎన్నడూ లేవు.

ఎన్నడూ అని ఊరికే అనలేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో మన తెలుగులో లాగే నిజమైన ద్విత్వం ఉండేది. ‘సును’ అంటే కొడుకు, ‘సున్నె’ అంటే సూర్యుడు. మన ‘కల’, ‘కల్ల’ లాంటి జత. మధ్యయుగంలో ఆ తేడా పోయింది. హల్లు పొడవు పోయాక, రాతలో జంట అక్షరాలకు పని లేకుండా పోయింది. వాటికి కొత్త పని దొరికింది. ముందున్న అచ్చు పొట్టిది అని చెప్పడమే ఆ పని. సుత్తిని పాత ఇంగ్లీషులో ‘హమోర్’ అనేవారు, ఒక్క ‘ఎమ్’తో రాసేవారు. రెండో ‘ఎమ్’ తరవాత వచ్చి చేరింది, శబ్దం కోసం కాదు, అచ్చు పొట్టిదని గుర్తుగా. ‘సిటీ’ వేరే దారిలో వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి నుంచి దిగిన మాటల్లో అదొకటి. ‘లెమన్’, ‘రివర్’, ‘పిటీ’ కూడా అలా వచ్చినవే. అవి ఒక్క అక్షరంతోనే ఉండిపోయాయి. ఇది సూత్రం కాదు, ధోరణి మాత్రమే. ‘డిన్నర్’ కూడా ఫ్రెంచి నుంచి వచ్చిందే, దానికి రెండు ‘ఎన్’లు పడ్డాయి. ఏమైనా ‘సిటీ’లో ‘ట’, ‘హ్యామర్’లో ‘మ’ పలుకులో ఒకే స్థితిలో ఉన్నాయి. రాతలో ఒకటి ఒంటరి, ఒకటి జంట కావడం చరిత్ర చేసిన పని.

ఇంగ్లీషులో హల్లు నిజంగా రెండింతలు పలికే చోటు ఒకటి ఉంది. రెండు మాటలు అతుక్కున్న చోట. ‘రూమ్‌మేట్’ అనేటప్పుడు ‘మ’ను పట్టి ఉంచుతారు, ‘బుక్‌కేస్’లో ‘క’ను పట్టి ఉంచుతారు. ‘రూమ్‌మేట్’, ‘హ్యామర్’ పక్కపక్కన వినిపిస్తే మన పిల్లలు తేడా ఇట్టే పట్టేస్తారు. ద్విత్వాన్ని వినడంలో తెలుగు పిల్లల చెవి ఇంగ్లీషు పిల్లల చెవి కన్నా పదునైనది. వాళ్ల భాషలో పోయింది మనకు ఇంకా ఉంది కదా.

ఇప్పుడు మా ఊరి బోర్డుల సంగతి. ‘సిటీ’ అనే మాటను తెలుగులో ‘సిటీ’ అని రాస్తాం. కన్నడంలో ‘సిటి’. మరాఠీలో, ఒడియాలో కూడా ‘ట’ ఒక్కటే. తమిళంలో మాత్రం ‘సిట్టి’ అని రెండు ‘ట’లు పెడతారు. కారణం లిపిలో ఉంది. తమిళంలో అచ్చుల మధ్య ‘ట’ ఒక్కటే రాస్తే దాన్ని ‘డ’గా చదువుతారు, ‘సిడి’ అయిపోతుంది. ‘ట’గా నిలవాలంటే రెండు పెట్టాల్సిందే. మా పిల్లలు ఈ రెండు రాతలూ రోజూ చదువుతారు. అందుకే ఇంగ్లీషు డిక్టేషన్‌లో ‘సిటీ’కి రెండు ‘టి’లు రాసే పిల్లలు నాకు ఏటా ఇద్దరో ముగ్గురో తగులుతారు. ఇంతకుముందు దాన్ని తమిళ ప్రభావం అని కొట్టేసేవాణ్ణి. ఇప్పుడు కొంచెం ఆగి చూస్తున్నాను. స్పెల్లింగు తప్పే, దిద్దాలి. కానీ పొట్టి అచ్చు వెనక హల్లు మూత వేసినట్టు ఆ పిల్లవాడికి వినిపించి ఉండవచ్చు కూడా. ‘లెటర్’లో రెండు ‘టి’లు ఒప్పయి, ‘సిటీ’లో తప్పు కావడానికి ధ్వనిలో కారణం ఏదీ లేదు. ఆ సంగతి పిల్లవాడికి చెప్పి మరీ దిద్దాలి.

ఆ మూతను తెలుగువాళ్లు వినరని కూడా అనలేం. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న పాత మాటలు చూడండి. కప్పు, బస్సు, పెన్ను, నట్టు. పొట్టి అచ్చు వెనక హల్లుకు ఒత్తు ఇచ్చాం. గేటు, నోటు, కోటు, ట్యూబు. పొడుగు అచ్చు వెనక ఒత్తు లేదు. బ్యాటు, బ్యాగులలో అచ్చును దీర్ఘంగా విన్నాం, ఒత్తు ఇవ్వలేదు. ఎవరూ సూత్రం చెప్పలేదు, బడికి వెళ్లని వాళ్లు కూడా ఇలాగే అంటారు. (రోడ్డు మాత్రం మాట వినలేదు.) పొట్టి అచ్చు మూతపడి ఉందని మన నాలుక ఎప్పుడో గుర్తించింది. మూత వేసే పద్ధతి మన దగ్గర ఒక్కటే, ద్విత్వం. అదే వాడింది.

మార్కుల విషయానికి వస్తాను. సిలబుల్ విడుపు పాఠాలన్నీ దండగ అని నేను అనడం లేదు. కొత్త మాట చదవడానికి అది పనికొచ్చే ఉపాయం. ఫోనిక్స్ పాఠాల్లో ‘టైగర్’ పద్ధతి, ‘క్యామెల్’ పద్ధతి అని రెండు నేర్పుతారు. మొదట హల్లును ముందు ముక్కకిచ్చి, అచ్చును పొడుగ్గా చదివి చూడమంటారు. తెలిసిన మాట రాకపోతే హల్లును వెనక్కి జరిపి పొట్టిగా చదవమంటారు. ఇందులో విడుపు ఒక సాధనం, మాట దొరికాక దానితో పని లేదు. తెలియని మాట చదవడానికి వేసుకున్న నిచ్చెనను పరీక్షలో కొలిచి మార్కులు వేయడంతోనే నాకు పేచీ.

ఇలాంటి మాటల్లో తేలని సంగతి ఒక్కటే, గీత ఎక్కడ అన్నది. తేలినవి చాలా ఉన్నాయి. ‘సిటీ’లో సిలబుల్స్ రెండు, ఎవరూ కాదనరు. ఊనిక మొదటి దాని మీద, ఎవరూ కాదనరు. అచ్చు పొట్టిది. ‘మ’ ఒక్కసారే పలుకుతుంది. పరీక్షలో అడగవలసినవి ఇవి. పోయిన వారం నా తరగతిలో ప్రశ్న మార్చి చూశాను. ‘డిన్నర్’, ‘డైనర్’ రెండూ చదివి వినిపించి, ఏ మాటకు రెండు ‘ఎన్’లు రాయాలో చెప్పమన్నాను. ‘హాపింగ్’, ‘హోపింగ్’ ఇచ్చి ఏది గెంతడం, ఏది ఆశించడం అని అడిగాను. ‘లాటర్’కూ ‘లేటర్’కూ అంతే. పొట్టి అచ్చు వినిపిస్తే జంట అక్షరం రాయాలని మూడో జతకల్లా చాలామంది పట్టుకున్నారు. ఒక అబ్బాయి లేచి, మరి ‘లెమన్’కు ఎందుకు లేదని అడిగాడు. నార్మన్ల కథ చెప్పాల్సి వచ్చింది, పీరియడ్ అయిపోయింది.

తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వర్క్‌బుక్ జవాబులో హ్యామ్, మర్ అని ఉంటే దాన్ని కొట్టేయక్కర్లేదు, పిల్ల రాసిన హ్యా, మర్‌నూ కొట్టేయకండి. రెండింటికీ మార్కు వేయండి. పైనుంచి ఎవరైనా అడిగితే రెండు నిఘంటువులు పక్కపక్కన తెరిచి చూపించండి. పిల్ల ముక్కల సంఖ్యే తప్పు రాస్తే, ‘సిటీ’ని ఒకటి అనో మూడు అనో అంటే, అది నిజమైన తప్పు, అక్కడ ఎర్ర సిరా వాడండి. తెలుగు పిల్లలు ఆ తప్పు ఎక్కువగా చేసేది ఈ మాటల్లో కాదు, హల్లుల గుంపుతో మొదలయ్యే మాటల్లో. ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ చేసి ఒక ముక్కను రెండు చేస్తారు. దాని కథ వేరు.

ఆ పాప పుస్తకంలో రెండు ఇంటూలనూ నేనే కొట్టేసి సంతకం చేశాను. ఉమ్మడి గోడ సంగతి ఆమెకు బొమ్మ గీసి చెప్పాను. తలూపి, పుస్తకం సంచిలో పెట్టుకుంటూ ఆగి, “అట్లయితే ‘టీచర్’లో ‘చ’ కూడా ఉమ్మడిదేనా సార్?” అంది. ‘టీ’ అనే మాట ఒంటరిగా నిలబడుతుందా లేదా అని అడిగాను. కొంచెం ఆలోచించి, “తాగే టీ ఉంది కదా సార్” అంది. అచ్చు పొడుగుది, మూత అడగదు. పొట్టి అచ్చు పెట్టిన పేచీ అక్కడ లేదు గనక ‘చ’ను ‘చర్’కే ఇచ్చెయ్యవచ్చునని చెప్పాను.